రిటర్న్ ఓకే అన్నారు, మరి డబ్బు ఎప్పుడొస్తుంది?

‘మీ రిటర్న్ రిక్వెస్ట్‌ను ఆమోదించాం’ అని ఆన్‌లైన్ షాపు నుంచి మెయిల్ రాగానే డబ్బు వచ్చేసినట్టే అనుకుంటాం. నిజానికి చాలా షాపులు ఆ మెయిల్‌లో ఒప్పుకునేది వస్తువును వెనక్కి తీసుకోవడానికే. డబ్బు ఇచ్చేదీ లేనిదీ వస్తువు గోదాముకు చేరి, తనిఖీ అయ్యాక తేలుతుంది. అందుకే మెయిల్‌ను చివరిదాకా చదవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 1,850 రూపాయల చీర తెప్పించుకున్నారు. ఫొటోలో ఉన్న రంగు వేరు, వచ్చిన రంగు వేరు. సోమవారం ఆమోదం మెయిల్ వచ్చింది. బుధవారం కొరియర్ అబ్బాయి చీర తీసుకెళ్లాడు. శనివారం అది గోదాముకు చేరింది. మరుసటి సోమవారం తనిఖీ ముగించి షాపు డబ్బు పంపింది. మెయిల్‌లో ‘5 నుంచి 7 పనిదినాలు’ అని రాసి ఉంటే, ఆ లెక్క సాధారణంగా ఇక్కడి నుంచి మొదలవుతుంది, ఆమోదం వచ్చిన రోజు నుంచి కాదు. సెలవులు పోను, డబ్బు ఖాతాలో పడేసరికి మొదటి మెయిల్ వచ్చి రెండు వారాలు దాటవచ్చు.

చిక్కు ఎక్కువగా వచ్చేది తనిఖీ దగ్గరే. ‘వాడని స్థితిలో, ట్యాగులతో సహా’ అన్న షరతును చీరకు అన్వయిస్తే ఫాల్ కుట్టించకూడదు, బ్లౌజు పీసు కత్తిరించకూడదు, ఉతకకూడదు. సెంటు వాసన, పసుపు మరక కనిపించినా కట్టినట్టే లెక్కవేసి, చీరను తిప్పి పంపేస్తారు. కాబట్టి ప్యాక్ చేసేముందు ట్యాగు, బ్లౌజు పీసు, మొత్తం చీర కనబడేలా ఫొటోలు తీసుకోండి. కొరియర్ అబ్బాయి వెళ్లేలోపే ‘పికప్ అయింది’ అన్న మెసేజ్ వచ్చిందో లేదో చూసుకోండి. వస్తువు తమకు అందలేదని షాపు అంటే మీ దగ్గరుండే ఆధారం అదే.

గడువు దాటినా డబ్బు పడకపోతే షాపును రిఫండ్ రిఫరెన్స్ నంబరు అడగండి. నంబరు ఇస్తే దాన్ని బ్యాంకుకు చూపించి, డబ్బు ఎక్కడుందో కనుక్కోవచ్చు. ఇవ్వలేకపోతే డబ్బు ఇంకా షాపు దగ్గరే ఆగి ఉండొచ్చు. రిఫండ్ కోసమంటూ ఎవరైనా ఫోన్ చేసి యూపీఐ పిన్ నొక్కమంటే మాత్రం నొక్కకండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

వస్తువు పాడై వచ్చినా, ప్రకటనలో చూపించినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. సంస్థ ఫిర్యాదుల అధికారి మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆమోదం మెయిల్, ఫొటోలు, పికప్ మెసేజ్ దగ్గర పెట్టుకుంటే ఫిర్యాదు అక్కడే నమోదు చేయించవచ్చు.