మొదటి పరిచయానికి ముందే

పొసగని మనిషి ఎదురైతే ‘వద్దు’ అనేస్తామని అందరం అనుకుంటాం. టొరంటో విశ్వవిద్యాలయంలో సమంతా జోయెల్ బృందం దీన్ని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. ఊహించుకోమన్నప్పుడు కాదన్నవారి కంటే, నిజంగానే అవతల ఒక మనిషి ఉన్నారని నమ్మినప్పుడు కాదన్నవారు తక్కువ. అవతలివారి మనసు నొచ్చుకుంటుందన్న జాలే ఇందుకు ఒక కారణం. అందుకే, ఎవరి మీదా మమకారం కలగకముందే కాగితం మీద రాసుకోవాలంటాను.

ఏం రాయాలన్నదే అసలు చిక్కు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి ‘కుటుంబ విలువలున్నవాడు’ అని రాసుకుందనుకుందాం. ఆ మాటకు ఎవరైనా తలూపుతారు. దాన్ని రోజువారీ జీవితంలోకి దించితే ఆమెకు కావలసింది తేలుతుంది: ఒంటరిగా ఉన్న అమ్మను తనతోనే ఉంచుకోవాలి, జీతంలో కొంత ఆమెకే ఖర్చుపెట్టాలి. ఇప్పుడది అడగగలిగే ప్రశ్న అయింది.

అదే కాగితంలో ‘ఆరడుగుల ఎత్తు’ కూడా ఉంది. మిగతావన్నీ కుదిరి ఇదొక్కటి తక్కువైతే వదులుకుంటానా అని ఆలోచించి, దాన్ని ఇష్టాల కిందికి మార్చింది. అమ్మ విషయం మాత్రం కదల్లేదు. కట్నం అడగకూడదన్నదీ అంతే.

ఈ రెండింటినీ రెండో మూడో కలయికలోనే మాట్లాడాలి. ‘తర్వాత చూద్దాంలే’ అనే జవాబే మళ్లీ మళ్లీ వస్తుంటే, దాన్ని సమ్మతిగా లెక్కించకూడదు. అయితే కోపం, అబద్ధం ఎంతవరకన్నది మాటల్లో తేలదు; నెలల తరబడి చూడాల్సిందే.