54 వోల్టుల దగ్గర నికెల్ ఇచ్చిన సాక్ష్యం

డేవిసన్–జెర్మర్ ప్రయోగం ఇంటర్ భౌతికశాస్త్రంలో చదివినవారికి 54 వోల్టులు, 50 డిగ్రీలు గుర్తుండే ఉంటాయి. ఆ రెండు అంకెలు కలిసిరావడం కంటే, వాటికి వేరే అర్థం చెప్పే దారులన్నీ ఆ పరికరం మూసేయడమే నాకు గొప్పగా తోస్తుంది. వేడెక్కిన టంగ్‌స్టన్ తీగ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లను కొద్ది వోల్టులతో లాగి, శూన్యంలో నికెల్ స్ఫటికం మీద నిట్టనిలువుగా పడేసేవారు. చుట్టూ తిరిగే చిన్న డబ్బా వెనక్కి వచ్చినవాటిని పట్టుకునేది. దానికి ఎదురు వోల్టేజీ పెట్టడంతో దాదాపు పూర్తి వేగంతో వచ్చినవే లోపలికి వెళ్లగలిగేవి. నికెల్ నుంచి ఊడిపడిన నెమ్మది ఎలక్ట్రాన్లు బయటే ఆగిపోయేవి.

డీ బ్రోయ్ లెక్క ప్రకారం V వోల్టులతో త్వరణం పొందిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో λ = 12.27/√V. 54 వోల్టులకు ఇది 1.67. వాళ్లు వాడిన నికెల్ ముఖం మీద పరమాణువుల వరుసల మధ్య దూరం 2.15 ఆంగ్‌స్ట్రామ్‌లు. పక్క వరుసల నుంచి వచ్చే అలలు కలిసి బలపడాలంటే 2.15 sin θ = λ కావాలి. 50 డిగ్రీలు పెడితే 1.65 వస్తుంది. తరంగదైర్ఘ్యం, వరుసల దూరం ఒకే స్థాయిలో ఉండటం వల్లే ప్రయోగం పండింది. వోల్టేజీ 33 కంటే తగ్గితే λ వరుసల దూరాన్ని దాటుతుంది, sin θ ఒకటికి మించాల్సి వస్తుంది, ఇక ఈ వరుసల నుంచి పుంజమే పుట్టదు. 40,000 వోల్టులకు పెంచితే λ 0.06కి పడిపోయి, పుంజం డిగ్రీన్నర పక్కకే వంగి మూలపుంజంలో కలిసిపోయినట్టుంటుంది.

ఎలక్ట్రాన్లు పుట్టించిన ఎక్స్ కిరణాలే వంగాయేమో అనవచ్చు. కానీ 1.65 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎక్స్ కిరణానికి దాదాపు 7,500 వోల్టులు కావాలి, ఇక్కడున్నది 54. ఉపరితలంలోకి దిగిన ఎలక్ట్రాన్ నికెల్ ఆకర్షణకు వేగం పుంజుకుని తరంగదైర్ఘ్యం మార్చుకుంటుంది కదా, బయటి లెక్క ఎలా సరిపోయింది అనేది ఇంతకంటే గట్టి ప్రశ్న. ఆ మార్పు ఉపరితలానికి లంబంగా ఉండే చలనానికే. ఉపరితలం వెంబడి ఉండే భాగాన్ని అది తాకదు. వరుసల సూత్రం చూసేది ఆ భాగాన్నే. లోపలి పొరల అలలు ఏ వోల్టేజీ దగ్గర కలిసొస్తాయన్నది మాత్రం మారుతుంది. అందుకే శిఖరం 44 వోల్టుల దగ్గర తలెత్తి, 54కి పదునెక్కి, 68కి మాయమవుతుంది. ఇక 1.65కీ 1.67కీ తేడా, కోణం కొలవడంలో డిగ్రీ కూడా లేని పొరపాటుకు సమానం. శిఖరం వెడల్పుగానే ఉంటుంది, అంతకంటే కచ్చితంగా కోణం చదవడం కష్టం. స్ఫటికాన్ని తన ఇరుసు మీద తిప్పితే ఈ శిఖరం 120 డిగ్రీలకోసారి తిరిగి వస్తుంది. కింది పొరలతో కలిపి చూస్తే ఆ ముఖం దగ్గర పరమాణువుల అమరికా అలాంటిదే.

ఈ ఫలితం వెలువడిన 1927లోనే జి.పి. థామ్సన్ వేల వోల్టుల ఎలక్ట్రాన్లను పలుచని పొరల గుండా పంపి వలయాలు చూశాడు. 1937 నోబెల్ డేవిసన్, థామ్సన్‌లకు దక్కింది, జెర్మర్‌కు రాలేదు.