మేనత్త అత్త అయిన నాడు

మన తెలుగున ‘అత్త’ యను మాట మూడు చుట్టరికములకు చెల్లును. తండ్రి తోబుట్టువు అత్త. మేనమామ భార్య అత్త. పెనిమిటిని కన్నతల్లియు అత్తయే. హిందీ మాటలాడువారికి తండ్రి సోదరి ‘బువా’, భర్త తల్లి ‘సాస్’. అచ్చట రెండు మాటలు, ఇచ్చట ఒక్కటి. ఈ భేదము నిఘంటువుతో ముగియునది కాదు. అత్తవారింట అడుగిడిన పిల్ల మనస్సున ఏమి జరుగునో తెలిసికొనుటకు ఇది మంచి దారి.

సీలేరు నదిపై ఆనకట్ట గల డొంకరాయి పరిసరములందలి కొండలలో కొండరెడ్లు నివసింతురు. వారి మాతృభాష తెలుగే. ఒకే వంశమువారు పెండ్లాడరాదు. మేనరికము వారికి మిక్కిలి ఇష్టమైన సంబంధము. ఉత్తరదేశమున వధువు ఎరుగనివారి నడుమకు పోవుననియు, దక్షిణమున తరచుగా ఎరిగిన చుట్టముల యింటికే పోవుననియు ఇరావతీ కార్వే 1953లో వెలువడిన తన గ్రంథమున వివరించినది. కొండరెడ్ల పెండ్లి ఆ రెండవ తెగకు చెందినది.

అట్లయిన ఆ పిల్లకు దిగులే లేదందురా? మేనత్త కొడుకును పెండ్లాడిన ఒక కొండరెడ్డి పిల్లను ఊహించి చూతము. ఆ యిల్లు ఆమెకు క్రొత్త కాదు. పండుగలకు పోయినది, అత్త ఒడిలో నిద్రించినది. ఆకలియైన అడుగకయే కుండలోని చోడి అంబలి తీసికొని త్రాగినది. పెండ్లి తరువాత కుండ అదే, చేయి అదే. కాని ఇప్పుడు ముందుగా ఇంటివారందరికి పోయవలెను. మొన్న చుట్టపు పిల్లగా పోడునకు సరదాకు పోయినది. నేడు కలుపు తీయుట, నీరు తెచ్చుట, కట్టెలు మోయుట ఆమె వంతు. పిలుపు మారలేదు, పిలుపు వెనుక లెక్క మారినది. క్రొత్తవారు గద్దించిన కోపము వచ్చును. గారాబము చేసిన అత్త గద్దించిన గుండె కలుక్కుమనును.

ఇంతకంటె కష్టమైనది మరియొకటి కలదు. ఆమె మొర ఎవరితో చెప్పుకొనవలెను? తండ్రితో చెప్పిన, అది ఆయన తోబుట్టువుపై ఫిర్యాదగును. కూతురి పక్షము వహించిన చెల్లెలు దూరమగును. చెల్లెలి పక్షము వహించిన కూతురు ఒంటరిదగును. కనుక పిల్ల నోరు మూసికొనును. ఎరిగిన యింటిలోని దుఃఖము తెలియని యింటి దుఃఖమువలె పైకి కనబడదు. పుట్టినింటికి వచ్చిన పిల్ల తిరుగు ప్రయాణమును ఒక్కొక్క నాడు వాయిదా వేయుచుండిననో, మునుపు అత్తను గూర్చి ఎడతెగక చెప్పినది ఇప్పుడు ఆ ప్రస్తావనయే తేకుండిననో, పెద్దలు గ్రహింపవలెను.

కొండవారి కట్టుబాటులలో దీనికి కొన్ని వెసులుబాటులు కలవు. క్రొత్త దంపతులు కొంతకాలమునకు వేరు గుడిసె వేసికొందురు. పొయ్యి వేరగును, పోడు పనిలో తోడు నిలుచును. కాపురము పొసగనిచో విడిపోవుట, మారుమనువు వారిలో తప్పు కావు; పెద్దలు కూర్చుండి ఓలి సంగతి తేల్చుదురు. ఓలి చెల్లింపలేని పిల్లవాడు అత్తవారింట ఉండి చాకిరి చేయు ఇల్లరికపు పద్ధతియు కలదు. అచ్చట అంబలి కుండ కడ తటపటాయించునది అల్లుడు. కనుక ఈ దిగులు ఆడుదాని స్వభావమునుండి పుట్టినది కాదు. ఇల్లు మారినవారెవరైనను పడునదే.

మేనరికమే మందని నేననుట లేదు. మేనబావ మరదండ్రకు జన్యువులలో సగటున 8వ వంతు ఉమ్మడిగా నుండును. వంశమున దాగియున్న వ్యాధి బిడ్డలందు బయటపడు అవకాశము అందువలన హెచ్చును. ఇక పెండ్లిచూపులలో మొదటిసారి కాంచిన స్త్రీని ‘అత్తయ్యా’ యని పిలుచు మైదానపు కోడలికి మాట మిగిలినది, మాట వెనుకటి బాల్యము మిగులలేదు. అందుచే ఆ యింటి అలవాటులు ఆమెకు నోటితో చెప్పవలసినవే: ఎవరెప్పుడు భుజింతురు, ఏ పని ఎవరిది, పుట్టినింటికి ఎప్పుడు పోవచ్చును. చెప్పక తెలిసికొనవలెనని ఎదురుచూచినచోటనే తగవు మొలకెత్తును.

తిరిగి మన కొండరెడ్డి పిల్ల యొద్దకు వత్తము. ఆమె అత్త పుట్టినది ఎచ్చట? ఈ పిల్ల పుట్టిన వంశముననే. ఇరువురును ఒకే యింటి ఆడుబిడ్డలు. ఒకతె ముందు, ఒకతె వెనుక, అదే గడప దాటి ఇచ్చటికి వచ్చినవారు. ఒకనాటి సాయంకాలము ఆ అత్త, ‘నేను వచ్చిన యేడు నాకును ఇట్లే ఉండెనే’ అని ఒక్క మాట అన్నచో, తండ్రితో చెప్పుకొనలేనిది ఆ పిల్ల ఆమెతోనే చెప్పుకొనగలదు.