గజాలు ఇంటివి కావు, స్థలానివి!

నల్లకుంట: ఊళ్లో పొలం అమ్మి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవారు గృహప్రవేశం కాగానే పని తీరిందనుకుంటారు. రిజిస్ట్రేషన్ దస్తావేజు, మంజూరైన ప్లాను, నివాసయోగ్యత పత్రం జతపరచి నగరపాలక సంస్థకు అర్జీ పెట్టుకోవాలి. సిబ్బంది వచ్చి కొలిచాక పది అంకెల పన్ను నంబరు ఇస్తారు. చిక్కంతా ఆ కొలతలోనే ఉంది.

150 గజాల స్థలంలో 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు గల ఒక అంతస్తు ఇల్లు ఉందనుకుందాం. కట్టడం 880 చదరపు అడుగులే. స్థలం మొత్తం, అంటే 1,350 అడుగులు కట్టడంగా నమోదైతే లెక్క తారుమారవుతుంది. నెలకు అడుగుకు రూపాయి అద్దె విలువ అనుకుంటే, ఏడాది విలువలో 10 శాతం తగ్గించి, 30 శాతం పన్ను, దానిపై 8 శాతం గ్రంథాలయ సుంకం వేస్తారు. సరైన పన్ను 3,079 రూపాయలు; తప్పు నమోదుతో 4,724. ఏటా 1,645 రూపాయలు అదనం!

అర్జీ పెట్టే ముందు యజమాని తానే టేపుతో గోడల బయటి అంచుల నుంచి కొలుచుకోవాలి. బాల్కనీ, కారు షెడ్డు కట్టడంలోనివే. వాటిని తీసేయమని అడిగి లాభం లేదు. ఖాళీ పెరడు మాత్రం లెక్కలోకి రాదు. కొలతల చిత్తు, ప్లాను నకలు జోడించి, మళ్లీ కొలవమని పునఃపరిశీలన అర్జీ ఇచ్చి, రసీదు తప్పక పుచ్చుకోవాలి. కొలిచేటప్పుడు యజమాని దగ్గరుండి, రాసుకున్న అంకెలు చూసుకోవడం మంచిది. సవరణ జరిగాక వచ్చే పన్ను చీటీలో 880 అని ఉందో లేదో చూడాలి.