రాజీనామా చేసినా లెక్కలో ఉన్నారు

ఒక ఫ్యాక్టరీ ఉందనుకుందాం. ఆర్డర్ల నుంచి జీతాల దాకా అన్నీ ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లోనే నడుస్తాయి. కొన్న లైసెన్సులు 100. ఏ పూట చూసినా లాగిన్ అయి ఉండేవాళ్లు 60 మందికి మించరు. అందుకే ఐటీ మేనేజరు ధీమాగా ఉన్నాడు. ఒకరోజు ఆడిట్ మెయిల్ వచ్చింది. లెక్క తీస్తే 142 అని తేలింది.

ఆయన ధీమాలోనే పొరపాటుంది. ఆయన కొన్నవి నేమ్డ్ యూజర్ లైసెన్సులు. ఇవి ఆర్టీసీ బస్ పాస్ లాంటివి. పాస్ మీద ఎవరి ఫొటో ఉంటే వాళ్లదే. నెలంతా బస్సెక్కకపోయినా అది ఒక పాసే, పక్కింటివాడికి ఇవ్వడం కుదరదు. ఆయన మనసులో ఉన్న లెక్క మాత్రం కాంకరెంట్ పద్ధతిది. అది అద్దె సైకిళ్ల షాపు. ఊళ్లో ఎంతమందికి ఖాతా ఉన్నా, ఒకేసారి రోడ్డు మీద ఉన్న సైకిళ్లనే లెక్కపెడతారు.

అలాగని కాంకరెంటే చవక అనుకోకండి. సాధారణంగా దాని ఒక్కో లైసెన్సు ధర ఎక్కువ. రెట్టింపు అనుకుందాం. మూడు షిఫ్టుల్లో 90 మంది, షిఫ్టుకు 30 మంది పనిచేసేచోట 30 కాంకరెంట్ లైసెన్సులకు 60 నేమ్డ్ లైసెన్సుల ఖర్చవుతుంది. లాభమే కదా? కానీ షిఫ్టు మారే అరగంటలో దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ కలిసి 50 మంది అవుతారు. అప్పుడు 50 కొనాలి, అంటే 100 నేమ్డ్ లైసెన్సుల ఖర్చు. లాభం కాస్తా నష్టమైంది. లాగౌట్ చేయకుండా టీకి వెళ్లినవాడి సైకిలు కూడా రోడ్డు మీద ఉన్నట్టే లెక్క.

మళ్లీ మన 142కి వద్దాం. ఎస్‌ఏపీలో లెక్క తీసే కమాండ్ USMM. ఆడిట్ దాకా ఆగక్కర్లేదు, ఎప్పుడైనా నడుపుకోవచ్చు. ఫ్యాక్టరీ జాబితాను హెచ్ఆర్ రిజిస్టరుతో పోలిస్తే, ఉద్యోగం మానేసినవాళ్లు 19 మంది కనిపించారు. వాళ్ల ఐడీలన్నీ లాక్ చేసే ఉన్నాయి. చాలాచోట్ల చేసే తప్పు ఇదే. లాక్ చేస్తే ఆ మనిషి లోపలికి రాలేడంతే, లెక్కలోంచి మాత్రం పోడు. పోవాలంటే SU01లో ఆ ఐడీ చెల్లుబాటు గడువు ముగించాలి.

ఇంకో 11 జంట ఐడీలు. ఒకే మనిషి ఒక సిస్టమ్‌లో RAVIK, మరోదాంట్లో KRAVI. లెక్కలు కలిపేటప్పుడు ఇద్దరుగా తేలతాడు. చివరిసారి లాగిన్ అయిన తేదీని USR02 అనే టేబుల్లో TRDAT చూపిస్తుంది. అది చూస్తే ఆరు నెలలుగా లోపలికే రానివాళ్లు ఏడుగురు దొరికారు. మొత్తం 37 తీసేస్తే మిగిలింది 105.

సమీక్షంటే తగ్గించడమే అనుకుంటే మోసపోతాం. స్టోర్‌రూములో ఒకే ఐడీని మూడు షిఫ్టుల్లో ముగ్గురు వాడుతున్నారు. నేమ్డ్ పద్ధతిలో అది ఒప్పంద ఉల్లంఘనే. ఒకే ఐడీతో రెండుచోట్ల లాగిన్ అయితే సిస్టమ్ రాసిపెట్టుకుంటుంది కూడా. ఇంకో ఇద్దరిని కలపాలి. నిజమైన అంకె 107.

ఒక్క మాట, యూజర్ రకం గడిని ఖాళీగా వదిలేస్తే ఖరీదైన ప్రొఫెషనల్ రకం కిందే లెక్కేసే ప్రమాదం ఉంది. ఎవరిది ఏ రకమో ఒప్పందంలోని నిర్వచనం చూసి నింపాలి, మన ఇష్టానుసారం కాదు.

ఈ జాబితాలో అసలు కనిపించనివాళ్లు మరికొందరుంటారు. మద్యం కంపెనీ డియాజియో అమ్మకాల సిబ్బంది, కస్టమర్లు నేరుగా ఎస్‌ఏపీ తెరవలేదు. సేల్స్‌ఫోర్స్ మీద కట్టిన రెండు యాప్‌లు వాళ్ల ఆర్డర్లను, వివరాలను ఎస్‌ఏపీకి చేరవేసేవి. రెండు సిస్టమ్‌లను కలిపే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టాం కదా, అది చాలదా అన్నది కంపెనీ వాదన. చాలదని 2017 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు తీర్పిచ్చింది. పరోక్షంగా వాడినా వాడినట్టేనని, వాళ్లకూ లైసెన్సులు కావాలని తేల్చింది. ఎస్‌ఏపీ అడిగింది 5.4 కోట్ల పౌండ్లకు పైనే. ఎంత కట్టాలన్నది ఆ తీర్పులో తేల్చలేదు. మరుసటి ఏడాది ఎస్‌ఏపీ ఇలాంటి వాడకానికి మనుషులను కాక, తయారయ్యే పత్రాలను లెక్కించే కొత్త పద్ధతి తెచ్చింది. కాబట్టి మీ వెబ్‌సైటు, డీలర్ల యాప్, బార్‌కోడ్ స్కానర్లు ఏ ఐడీతో ఈఆర్‌పీలోకి వెళుతున్నాయో, వాటి వెనక ఎవరున్నారో కాగితం మీద రాసుకోండి.

ఆడిట్ మెయిల్ వచ్చాక రాత్రికి రాత్రి ఐడీలు తుడిచేయకండి. ఎవరు, ఏ రోజున, ఏం మార్చారో సిస్టమ్‌లో నమోదై ఉంటుంది. మన ఫ్యాక్టరీ నిజానికి కొనాల్సింది 7 లైసెన్సులే. మెయిల్ రాకముందే కొనుంటే బేరమాడే చోటు ఉండేది.