సంబంధం వద్దనుకుంటే రాసే ఉత్తరం

బంధువులు తెచ్చిన సంబంధం వద్దనుకుంటే, జవాబు ముందు ఆ బంధువులకే రాయాలి. అవతలివాళ్లకు ఆ మాట ఎలా చేరవేయాలో వాళ్లకు తెలుసు. చాలామంది జాతకాలు కుదరలేదని తప్పుకుంటారు. అవతలివాళ్లు మరో సిద్ధాంతికి చూపించి, బాగానే కుదిరాయని కబురు పెడితే ఇక చెప్పడానికేమీ ఉండదు. అసలు కారణాన్నే, అబ్బాయిలో లోపం ఎంచకుండా చెప్పడం మేలు. అమ్మాయి ఉద్యోగం హైదరాబాదులో, అబ్బాయిది దుబాయిలో అనుకుందాం. తండ్రి తన అక్కకు ఇలా రాయొచ్చు:

“అక్కయ్యకు, బావగారికి నమస్కారాలు. మా అమ్మాయి మేలు కోరి మంచి సంబంధం తెచ్చారు. వాళ్ల మర్యాద, అబ్బాయి నడవడి మాకు నచ్చాయి. అయితే అమ్మాయికి ఇక్కడి ఉద్యోగం వదిలి విదేశం వెళ్లే ఉద్దేశం లేదు. తనతో నిదానంగా మాట్లాడాకే ఈ నిర్ణయానికి వచ్చాం. వాళ్లను ఎదురుచూసేలా చేయడం భావ్యం కాదని వెంటనే రాస్తున్నాం. అబ్బాయి ఫొటో, జాతకం జతచేశాం. వాళ్లకు మా నమస్కారాలు చెప్పండి.”

గడువు అడిగినట్టు ధ్వనించే మాట ఇందులో ఒక్కటీ లేదు. ఉంటే ఆర్నెల్లకు మళ్లీ అడుగుతారు, ఈలోగా వేరే సంబంధాలు చూసుకోరు. ఆస్తి, చదువు, రూపం ఊసు కూడా ఎత్తలేదు. ఈ ఉత్తరాన్ని అక్కయ్య వాళ్లకు యథాతథంగా చూపించినా ఎవరికీ నొప్పి కలగదు.