కొత్త బ్యాచ్ ప్రకటనలో ఏముండాలి?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక చిన్న సెంటర్ గ్రూప్-2 కొత్త బ్యాచ్ మొదలుపెడుతోందనుకుందాం. పోయినసారి ఉద్యోగం వచ్చిన అమ్మాయి కథతో పోస్టు మొదలవుతుంది: "పగలు బట్టల షాపులో పని, సాయంత్రం ఆరింటికి మా క్లాసు. మొదటి మాక్ టెస్టులో ఎకానమీ సగం ప్రశ్నలు వదిలేసింది." ఇలాంటి కథ ఎవరినైనా ఆపి చదివిస్తుంది.

అయితే ఆమె ఇక్కడ చదివింది పూర్తి కోర్సా, రెండు నెలల టెస్ట్ సిరీసా? చాలా ప్రకటనలు దాచేది ఇదే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరు మార్గదర్శకాల ప్రకారం విజేత పేరు, ర్యాంకుతో పాటు ఏ కోర్సు, ఎన్నాళ్లు, ఫీజు కట్టారా లేదా అన్నదీ చెప్పాలి. ఫలితాలొచ్చాక రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే ఫొటో వాడాలి. సీట్లు మిగిలుండగా "రెండే ఉన్నాయి" అని తొందరపెట్టడమూ కుదరదు.

కాబట్టి కథ వెంటనే ఈ మాటలు రావాలి: "ఆమె మా దగ్గర ఫీజు కట్టి నాలుగు నెలల మెయిన్ కోర్సు చదివింది. కొత్త బ్యాచ్‌లో 40 సీట్లు. మొత్తం ఫీజు 18 వేలు, మెటీరియల్ అందులోనే. హాస్టల్ లేదు. ఉద్యోగానికి హామీ ఇవ్వలేం."

చేరే దారి ఒక్కటే చాలు: "శనివారం ఉదయం 10 గంటలకు డెమో క్లాసుకు రండి. నచ్చితే ఆఫీసులో ఫారం నింపి, మొదటి వాయిదా కట్టి, రసీదు తీసుకోండి." మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగొస్తుందో ఆ ఫారం మీదే ఉండాలి.

ప్రకటన మోసమనిపిస్తే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.